మోగని రిమైండర్: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫాల్టులు చూసే పనిలో ఉండి రిటైరయినవాణ్ణి. ఇప్పుడు విశాఖలో మేముండే అపార్ట్‌మెంటులో ఎవరి ఫోన్ మొరాయించినా మా తలుపే తడతారు. వాళ్లు చెప్పేవాటిలో తరచుగా వినపడేది ఇది: "ఫోన్‌కి నోటితో చెప్పానండీ, సరేనంది, తీరా టైముకి మోగలేదు." అలా ఒక్కొక్కటే విప్పి చూస్తూ నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను ఎక్కువగా చూసినవి రెండే. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్‌కి చెప్పి పెట్టుకునేవి, ఐఫోన్లలో సిరికి చెప్పి పెట్టుకునేవి.

1. "మోగలేదు" అంటే మూడు రకాలు. ముందు అదేదో తేల్చుకోండి.

లైను చచ్చిపోయిందని ఫిర్యాదు వస్తే మేం ఎక్స్ఛేంజిలో తోచిన తీగనల్లా పీకేవాళ్లం కాదు. తెగింది మా వైపా, దారిలోనా, ఇంటి దగ్గరా అని ముందు పరీక్ష పెట్టేవాళ్లం. రిమైండర్‌కీ అదే పద్ధతి.

మొదటి రకం, అసలు రాసుకోలేదు, లేదా మనం చెప్పింది ఒకటైతే అది రాసుకున్నది ఇంకొకటి. రెండో రకం, సరిగ్గానే రాసుకుంది కానీ సమయానికి ఫోన్ దాన్ని పైకి తీసుకురాలేదు. మూడో రకం, సమయానికే వచ్చింది, తెరమీద కూర్చుంది, శబ్దం మాత్రం చెయ్యలేదు.

తేల్చడానికి రెండు చోట్ల చూస్తే చాలు. తెర పైనుంచి కిందికి వేలితో లాగి నోటిఫికేషన్ల వరస చూడండి. అక్కడ రిమైండర్ ఉంటే మూడో రకం, గొడవంతా శబ్దంతోనే. అక్కడ లేకపోతే రిమైండర్లు దాచే యాప్ తెరవండి. ఐఫోన్‌లో అది Reminders. గూగుల్‌కి చెప్పినవైతే 2023 నుంచి Google Tasksలోకి వెళుతున్నాయి, Calendarలో కూడా కనపడతాయి. మీరు చెప్పిన పని అక్కడ సరైన తేదీ, సరైన సమయంతో ఉంటే రెండో రకం. లేకపోయినా, తేదీ తప్పున్నా మొదటి రకం. ఈ రెండు చూపులూ చూడకుండా సెట్టింగుల్లోకి దూరితే సాయంత్రం అయిపోతుంది, బాగున్నది కూడా చెడుతుంది.

2. చెప్పేటప్పుడు పూట చెప్పాలి, చెప్పాక తెర చదవాలి.

"ఆరింటికి గుర్తు చెయ్యి" అంటే మన ఇంట్లో మనిషికి తెలుస్తుంది, పొద్దున్న వాకింగుకా, సాయంత్రం దీపం పెట్టడానికా అన్నది. ఫోన్‌కి తెలియదు. అది చాలాసార్లు ఇకమీదట వచ్చే మొదటి ఆరుని పట్టుకుంటుంది. మధ్యాహ్నం చెబితే సాయంత్రం ఆరు, రాత్రి చెబితే తెల్లవారి ఆరు. అందుకని నేను అందరికీ ఒకే వరస నేర్పుతాను: రోజు, పూట, గంట, ఆ తరవాత పని. "రేపు సాయంత్రం ఆరు గంటలకి గ్యాస్ బుక్ చెయ్యమని గుర్తు చెయ్యి." ఇంగ్లీషులో చెప్పేవాళ్లు ఏఎమ్మో పీఎమ్మో తప్పకుండా కలపాలి.

అర్ధరాత్రి దాటాక "రేపు" అనడం ఇంకో చిక్కు. పన్నెండున్నరకి నిద్రపట్టక పడుకుని "రేపు పొద్దున్న" అంటే మన ఉద్దేశం తెల్లవారితే వచ్చే పొద్దు. క్యాలెండర్ లెక్కలో అది అప్పటికే ఈ రోజు. ఆ వేళప్పుడు వారం పేరు చెప్పడం మంచిది: "గురువారం పొద్దున్న ఏడింటికి".

గంట చెప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. ఐఫోన్‌లో రోజు మాత్రమే చెప్పి గంట చెప్పకపోతే ఆ రిమైండర్ రోజంతటిదిగా నమోదవుతుంది. అలాంటివాటికి Reminders సెట్టింగుల్లో Today Notification అని ఒకటుంది, మనం మార్చకపోతే అది పొద్దున్న 9 గంటలు. "ఎల్లుండి ఇన్సూరెన్స్ కట్టాలి" అని చెప్పి, ఎల్లుండి సాయంత్రం మోగుతుందని ఎదురుచూస్తే మోగదు. అది పొద్దున్నే పూజ వేళకి ఒక్కసారి టింగుమని ఊరుకుని ఉంటుంది.

రోజూ గంటా రెండూ లేకుండా చెబితే అది వట్టి పనుల చీటీ. చీటీ మోగదు.

చెప్పడం అయ్యాక తెరమీద ఒక కార్డు వస్తుంది, అందులో పని, తేదీ, సమయం ఉంటాయి. అది చదివాకే ఫోన్ కింద పెట్టండి. ఏడున్నర అన్నది ఏడయిందా, పని పేరు ఏ వింత మాటగా మారిందా అన్నది అక్కడే పట్టుబడుతుంది.

3. రాసుకుంది కానీ మీ పుస్తకంలో కాదు.

యాప్ తెరిస్తే ఖాళీ. కానీ చెప్పినప్పుడు కార్డు వచ్చిన మాట నిజం. ఇలాంటప్పుడు నేను మొదట చూసేది తెర మూల ఉన్న గుండ్రటి బొమ్మ, అంటే ఖాతా. మన ఇళ్లలో ఫోన్లకి ఒక్క ఖాతాయే ఉండదు. కొన్నప్పుడు అబ్బాయి పెట్టింది ఒకటి, మన సొంతం ఒకటి, ఆఫీసుది ఇంకొకటి. నోటిమాట వినేది ఒక ఖాతాతో, Tasks తెరిచింది ఇంకో ఖాతాతో అయితే రిమైండర్ పోలేదు, మనం చూడని చోట ఉంది. అబ్బాయి ఫోన్‌లో కూడా అదే ఖాతా ఉంటే "నాన్నకి షుగర్ టెస్ట్" అని బెంగళూరులో వాడి దగ్గర మోగినా మోగుతుంది.

బొమ్మ మీద నొక్కి ఖాతాలు ఒక్కొక్కటే మార్చి చూడండి. దొరికాక, నోటిమాట వినే యాప్‌లోనూ Tasksలోనూ ఒకే ఖాతా ఉండేలా చెయ్యండి. ఐఫోన్‌లో ఖాతాలకు బదులు జాబితాల తేడా వస్తుంది. సిరి రాసేది Default Listలో. మీరు తెరిచి చూస్తున్నది వేరే జాబితా అయితే కనపడదు. అందుకని పైన All అన్న చోట చూడడం అలవాటు చేసుకోండి.

4. వచ్చి ఊరుకున్నదైతే, శబ్దం ఎక్కడ కట్టేశారో చూడాలి.

రిమైండర్ అలారం కాదు. అలారం మనం ఆపేదాకా మోగుతుంది. ఐఫోన్‌లోని గడియారం అలారమైతే పక్కనున్న సైలెంట్ మీటను కూడా లెక్కచెయ్యదు. మామూలు రిమైండర్ వాట్సాప్ మెసేజీ లాంటి నోటిఫికేషనే. ఒక చిన్న చప్పుడు చేసి తన పని అయిపోయిందనుకుంటుంది. మిక్సీ తిరుగుతున్నప్పుడు వస్తే అది వచ్చినట్టే తెలియదు.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దాలకి విడివిడి గీతలుంటాయి. కాల్ రింగుకి ఒకటి, నోటిఫికేషన్‌కి ఒకటి, అలారానికి ఒకటి. "ఫోన్ గట్టిగానే మోగుతోంది కదా" అంటారు. అది కాల్ సంగతి. నోటిఫికేషన్ గీత అడుక్కి దిగి ఉంటే రిమైండర్ మూగది. తరవాత చూడవలసింది డు నాట్ డిస్టర్బ్. రాత్రి పదినుంచి పొద్దున్న ఆరుదాకా అని ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటారు. తెల్లవారుజామున అయిదింటి రిమైండర్ అందులో పడిపోతుంది. ఐఫోన్‌లో దాని పేరు Focus. నిద్ర కోసం పెట్టుకున్న Focusలో అనుమతి ఉన్న యాప్‌ల వరసలో Remindersని చేర్చాలి.

ఇక నోటిఫికేషన్ల వరసలోనే కనపడనివాటికి అనుమతి చూడాలి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న ప్రతి యాప్ నోటిఫికేషన్ పంపవచ్చా అని మొదట అడుగుతుంది. ప్రకటనల బెడద పడలేక మనవాళ్లు అన్నిటికీ వద్దు అని నొక్కేస్తుంటారు. Settingsలో Appsకి వెళ్లి Tasks, Calendar, Google ఈ మూడింటికీ Notifications తెరిచి ఉన్నాయేమో చూడండి.

5. రెండు నిమిషాల పరీక్షను నమ్మి వదిలేయకండి.

కింది అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. రాత్రి ఎనిమిదికి బీపీ మాత్ర రిమైండర్ పెట్టుకున్నారు. మోగడం లేదని వాళ్లబ్బాయి వచ్చినప్పుడు చూశాడు. రెండు నిమిషాల తరవాతకి ఒకటి పెట్టాడు, చక్కగా మోగింది. బాగానే ఉంది నాన్నా అని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మళ్లీ మోగలేదు.

"నామీద కక్ష కట్టిందండీ ఇది" అన్నారు మాస్టారు.

"అసలు రాదా మాస్టారూ, ఆలస్యంగా వస్తుందా?" అని అడిగాను.

"తొమ్మిదింటికి అమ్మాయికి ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుంటాను చూడండి, అప్పుడు టింగుమంటుంది."

ఆ మాటతో సగం తేలిపోయింది. చేతిలోకి తీసుకోగానే మోగిందంటే అంతసేపూ ఫోన్ నిద్రలో ఉందన్నమాట. ఆండ్రాయిడ్ 6 నాటినుంచి, అంటే 2015 నుంచి, బ్యాటరీ మిగల్చడానికి ఒక ఏర్పాటుంది. దాని పేరు డోజ్. ఛార్జింగులో లేకుండా, తెర ఆరిపోయి, కదలకుండా కొంతసేపు పడి ఉంటే ఫోన్ గాఢనిద్రలోకి జారుకుంటుంది. యాప్‌ల పనులన్నీ వాయిదా వేసి, మధ్యమధ్య లేచి కొన్ని కొన్ని చేస్తుంది. గడియారం అలారాలకి, ఖచ్చితమైన సమయానికి లేపే అనుమతి ఉన్న యాప్‌లకి మినహాయింపు ఉంది. మిగిలినవి ఆగాల్సిందే. మాస్టారు అయిదింటికి ఫోన్ టీవీ పక్కన పెడితే తొమ్మిదిదాకా ముట్టుకోరు. అబ్బాయి పరీక్ష చేసినప్పుడు ఫోన్ చేతిలో మెలకువగా ఉంది. అందుకే మోగింది.

అది నిద్రేనని రూఢి చేసుకోవడానికి ఒక సాయంత్రం ఛార్జరు పెట్టి ఉంచమన్నాను. ఎనిమిదికి టంచనుగా మోగింది. ఇక మందు వెయ్యడమే. Settingsలో Apps, అందులో Tasks, అందులో బ్యాటరీ వివరాల దగ్గర Optimized అని ఉంది, దాన్ని Unrestricted చేశాం. Special app accessలో Alarms & reminders అని ఒక వరస ఉంటుంది. ఆ వరసలో మనకు కావలసిన యాప్ కనపడితే దాని మీట వెయ్యాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో వీటితోపాటు Autostart అనో, నిద్రపోయే యాప్‌ల జాబితా అనో వాళ్ల సొంత కట్టడి ఇంకొకటి ఉంటుంది. మన యాప్‌ని ఆ జాబితాలోంచి బయటికి తీయాలి.

మాస్టారి ఫోన్‌లో ఇంకొకటి కూడా దొరికింది, ఫోన్ శుభ్రం చేస్తానని వేసుకున్న ఒక క్లీనర్ యాప్. ఇలాంటివి కొన్నిసార్లు యాప్‌లను బలవంతంగా ఆపుతాయి. ఆండ్రాయిడ్‌లో అలా Force stop అయిన యాప్ పెట్టుకున్న అలారాలన్నీ రద్దయిపోతాయి, మళ్లీ ఆ యాప్‌ని మనం తెరిచేదాకా లేవవు. క్లీనర్ తీసేయించాను.

అసలైన పరీక్ష తరవాత పెట్టాం. మధ్యాహ్నం రెండింటికి ఛార్జరు లేకుండా బల్లమీద పెట్టేసి, సాయంత్రం ఆరుకి రిమైండర్ పెట్టి, మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాను. ఆరింటికి మోగింది. ఎంతసేపు పడుకున్నాక లేపాలో అంతసేపు పడుకోబెట్టి చూస్తేనే అది పరీక్ష.

6. చోటు రిమైండర్ అన్ని ఫోన్లలో లేదు. లేనిచోట పోరాడకండి.

"ఇంటినుంచి బయల్దేరగానే గొడుగు గుర్తు చెయ్యి", "మందుల షాపు దగ్గరికి వెళ్లగానే ఇన్సులిన్ గుర్తు చెయ్యి" లాంటివి సమయానికి కాదు, చోటుకి కట్టినవి. ఐఫోన్‌లో 2011లో సిరి వచ్చిన నాటినుంచీ ఇవి ఉన్నాయి. సామ్‌సంగ్ ఫోన్లలో వాళ్ల సొంత రిమైండర్ యాప్‌లో ఉన్నాయి. గూగుల్ దారిలో మాత్రం రిమైండర్లు Tasksలోకి మారిపోయాక చోటు కట్టే వీలు లేదు. అడిగితే కుదరదని చెప్పవచ్చు, లేదా చోటు మాట వదిలేసి పని ఒక్కటే రాసుకోవచ్చు. రెండోదే ప్రమాదం. కార్డు వస్తుంది, పని పేరు కనపడుతుంది, కింద చోటూ ఉండదు, గంటా ఉండదు. అది ఎన్నటికీ మోగదు. అలాంటి ఫోన్ ఉన్నవాళ్లు ఆ చోటికి ఎన్నింటికి చేరతారో ఆ గంట చెప్పడమే దారి.

ఐఫోన్‌లో ఇంటికి చోటు రిమైండర్ పెట్టాలంటే ముందు మన ఇల్లెక్కడో దానికి తెలియాలి. Contactsలో మీ పేరుతో ఒక కార్డు చేసి, అందులో ఇంటి చిరునామా రాసి, సిరి సెట్టింగుల్లో My Information దగ్గర ఆ కార్డును చూపించాలి. ఇల్లు మారినవాళ్లు ఈ చిరునామా మార్చడం మరిచిపోతే పాత ఇంటి వీధిలోకి వెళ్లినప్పుడు మోగుతుంది.

7. చోటంటే చుక్క కాదు, వలయం.

ఫోన్ దృష్టిలో రైతుబజారు అంటే గేటు కాదు. మ్యాపులో దాని చుట్టూ గీసిన వలయం. దాని వ్యాసార్థం చిన్నదంటే నూరు మీటర్ల లెక్కలో ఉంటుంది. వలయం గీత దాటి లోపలికి వస్తే "చేరాం", బయటికి వెళ్తే "బయల్దేరాం". ఇది తెలిస్తే సగం ఫిర్యాదులకి జవాబు దొరుకుతుంది.

లోపల ఉండగా "చేరినప్పుడు" అని పెడితే మోగదు. గీత దాటడం జరగలేదు కదా. ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ రావాలి. ఇంట్లో కూర్చుని "ఇంటికి రాగానే" అని పరీక్షించేవాళ్లకి చెప్పవలసిన మాట ఇదే. అలాగే వీధి చివరి కిరాణా కొట్టుకి చోటు రిమైండర్ పనికిరాదు. కొట్టూ ఇల్లూ ఒకే వలయంలో పడతాయి. దానికి "ఇంటినుంచి బయల్దేరినప్పుడు" అని చెప్పుకోవడం నయం. అదీ గుమ్మం దగ్గర కాక, కొంత దూరం నడిచాక మోగుతుందని గుర్తుంచుకోండి.

మా పక్క ఫ్లాటు అమ్మాయి ఐఫోన్‌లో "రైతుబజారుకి వెళ్లగానే కరివేపాకు" అని సిరికి చెప్పుకుంది. "బాబాయ్ గారూ, బజారంతా రెండుసార్లు తిరిగానండీ, చడీచప్పుడూ లేదు" అంది. Reminders తెరిచి ఆ పని పక్కనున్న i గుర్తు నొక్కి, Location దగ్గర మ్యాపు చూశాం. విశాఖలో రైతుబజార్లు చాలా ఉన్నాయి. ఆమె వెళ్లేది ఎంవీపీ కాలనీది. సూది గుచ్చుకున్నది సీతమ్మధారలో. చోటు పేరు నలుగురికీ ఉండేదైతే నోటితో చెప్పాక మ్యాపు చూడక తప్పదు. ఆ బజారు చిరునామాను ఎంచి మళ్లీ పెట్టాం, వలయాన్ని వేలితో లాగి కాస్త పెద్దది చేశాం.

తరవాతి వారమూ మోగలేదు. ఈసారి Settingsలో Privacy & Security, అందులో Location Services తెరిచాం. Remindersకి అనుమతి ఉంది, కింద Precise Location మాత్రం ఆపేసి ఉంది. బ్యాటరీ మిగులుతుందని ఎవరో చెబితే అన్నిటికీ ఆపేసిందట. అది ఆపితే యాప్‌కి మనం ఉరామరిగా ఏ ప్రాంతంలో ఉన్నామో మాత్రమే తెలుస్తుంది, కొన్ని కిలోమీటర్ల తేడాతో. నూరు మీటర్ల వలయానికి ఆ లెక్క చాలదు. అది వేసి, అదే పేజీ అడుగున System Servicesలో చోటు హెచ్చరికల మీట కూడా చూశాం. కొన్ని ఐఫోన్లలో దాని పేరు Location-Based Alerts, కొన్నిటిలో Alerts & Shortcuts Automations. ఆ తరవాత బజారు గేటుకి ముందు ఆటోలు ఆగే చోటే మోగింది. అది తొందరపాటు కాదు, వలయం అక్కడిదాకా ఉంది.

ఆలస్యం కూడా కొంత సహజమే. బ్యాటరీ అయిపోతుందని ఫోన్ ఎప్పుడూ జీపీఎస్ చూస్తూ కూర్చోదు. సెల్ టవర్లనీ చుట్టుపక్కల వైఫైలనీ ఆనవాలు పెట్టుకుని గీత దాటామని గ్రహిస్తుంది. అందుకే ఏ వైఫైకీ కలవకపోయినా వైఫై మీట వేసి ఉంచితే గురి బాగుంటుంది. బండిమీద సర్రున దాటిపోయే చోటుకి చిన్న వలయం పెడితే అది గ్రహించేలోపు మనం బయటపడతాం. దారిలో ఆగాల్సిన పెట్రోల్ బంకు లాంటివాటికి వలయం పెద్దది పెట్టుకోవాలి.

8. తప్పితే నష్టమయ్యే పనిని ఒక్క రిమైండర్ మీద వదలకండి.

ఇన్నీ సరిచేసినా కొన్ని మిగులుతాయి. రాత్రి అప్‌డేట్ పడి ఫోన్ తనంతట తనే ఆగి లేచిందనుకోండి. మనం తాళం తీసేదాకా చాలా యాప్‌లు పని మొదలుపెట్టవు. తెల్లారి అయిదింటి రిమైండర్ అలా పోవచ్చు. చోటు రిమైండర్‌కైతే బ్యాటరీ, సిగ్నలు, గోడలు అన్నీ అనుకూలించాలి.

అందుకని మా అపార్ట్‌మెంటులో నేను పెట్టించిన పద్ధతి ఇది. మందులకీ, రైలు బండికీ రిమైండర్ కాదు, అలారం. "రోజూ రాత్రి ఎనిమిదికి అలారం పెట్టు" అని నోటితోనే చెప్పవచ్చు. మాస్టారి బీపీ మాత్ర ఇప్పుడు అలారం మీదే ఉంది, కరెంటు బిల్లూ పెన్షన్ కాగితమూ రిమైండర్ల మీద ఉన్నాయి. కరివేపాకు, గొడుగు లాంటివి, మోగకపోయినా కొంప మునగనివి, చోటు మీద పెట్టుకోవచ్చు. గడువున్న పనికి గడువు రోజు కాకుండా రెండు రోజుల ముందు పెట్టండి. అప్పుడు ఒకటి మోగకపోయినా, ఎందుకు మోగలేదో చూసుకుని పని చేసుకునే వ్యవధి చేతిలో ఉంటుంది.